సోడా డబ్బా దాచకుండా తీసిన వీడియో
(మండల మహిళా సమాఖ్య సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



మమ్మల్ని సబ్బుల గురించి కాకుండా, సబ్బుల కోసం మేము తీసిన వీడియో గురించి మాట్లాడమన్నారు. ముందు మాకు ఇదేంటిరా బాబూ అనిపించింది. కానీ ఈ ఏడాది మన మండలంలో మూడు నాలుగు సంఘాలు ఒంటికి, జుట్టుకి రాసుకునే సరుకులు మొదలుపెడుతున్నాయి కాబట్టి, మేము ఆ వీడియో దగ్గర ఎక్కడ తప్పటడుగు వేశామో చెబితే పనికొస్తుందని ఒప్పుకున్నాం. రాసుకొచ్చింది చదువుతున్నాం. పదో తరగతి తెలుగు, తప్పులుంటే సర్దుకోండి.

మేము పదకొండు మందిమి. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం కలిపి సబ్బు చేస్తాం. స్త్రీనిధి నుంచి లక్ష రూపాయలు తీసుకుని రేకుల షెడ్డు వేసుకున్నాం. కొత్త పేరుతో, కొత్త రేపర్‌తో సరుకు బయటికి తెచ్చే ముందు, "మీరెవరో జనానికి తెలియాలి, యజమాని మాట్లాడే వీడియో ఒకటి ఉండాలి" అని అందరూ అన్నారు. నిజమే. ఊళ్ళో అయితే మా మొహాలు చూసి కొంటారు. ఫోన్లో చూసి కొనేవాళ్ళకి మేమెవరం? ఒంటికి రుద్దుకునే సరుకు, పిల్లలకి రుద్దే సరుకు. అప్పడాలు బాగోకపోతే పారేస్తారు, సబ్బు బాగోకపోతే ఒళ్ళు మండుతుంది.

పెళ్ళిళ్ళకి వీడియోలు తీసే అబ్బాయికి నాలుగు వేలు ఇచ్చాం. మాటలు కూడా ఆ అబ్బాయే రాసిపెట్టాడు. మా లీడర్‌కి పట్టుచీర కట్టించి, వెనకాల అరటిచెట్టు పెట్టి చెప్పించాడు. ఆ మాటలు ఇవి: "మా అమ్మమ్మల నాటి రహస్యం. నూటికి నూరు శాతం ఆర్గానిక్. ఒక్క చుక్క కెమికల్ లేదు. ఏడు రోజుల్లో మొటిమలు మాయం, మేని ఛాయ రెట్టింపు. జంతువుల మీద పరీక్షించలేదు."

చెప్పేటప్పుడు మాకు బాగానే ఉందండి. టీవీలో అందరూ అలాగే కదా చెప్తారు అనుకున్నాం. వీడియో బయటికి వెళ్ళిన నాలుగో రోజున ఫోన్ వచ్చింది. ఎగ్జిబిషన్‌లో మా దగ్గర ఆరు సబ్బులు కొన్న మేడం ఆవిడ, హైస్కూల్లో సైన్సు చెప్తారు. "కెమికల్ లేదన్నారు కదమ్మా, మరి కాస్టిక్ సోడా వేయకుండా నూనె గడ్డెలా కడుతోంది?" అని అడిగారు. ఫోన్ ఎత్తిన మా చెల్లి కంగారులో "మేము సోడా వేయం మేడం" అనేసింది. ఆవిడ కోప్పడలేదు. "తెలిసి చెప్తున్నారా, తెలియక చెప్తున్నారా అని అడిగాను, అంతే" అని పెట్టేశారు.

ఆ వారం పొదుపు మీటింగులో ఆ ఫోన్ సంగతి వచ్చింది. షెడ్డులో మూలన ఐదు కిలోల సోడా డబ్బా ఉంది. అది లేకుండా మేము ఒక్క సబ్బు కూడా చేయలేదు. ఆ డబ్బాని వీడియోవాళ్ళు వచ్చిన రోజు మేమే గోనెసంచి కప్పి దాచాం. ఎవరూ దాచమనలేదు, మా అంతట మేమే దాచాం. అది తలుచుకుంటే సిగ్గేసింది. ఆ రోజే వీడియో తీసేయించి, మాటలు మేమే కూర్చుని మళ్ళీ రాసుకోవాలని తీర్మానం రాశాం.

ఇక్కడ సోడా సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే మా రెండో వీడియో అంతా దాని మీదే నిలబడింది. నూనెకి క్షారం తగిలితేనే సబ్బు అవుతుంది. క్షారం లేని సబ్బు అసలు లేదు, పేరు ఏది పెట్టినా సరే. అలాగని సబ్బులో సోడా మిగిలి ఉంటుందా అంటే, లెక్క సరిగ్గా ఉంటే మిగలదు. నూనె, సోడా రెండూ ఒకదాన్నొకటి తినేసి సబ్బూ, గ్లిజరినూ అవుతాయి. ఆ లెక్క ఒక్కో నూనెకి ఒక్కోలా ఉంటుంది. కిలో కొబ్బరినూనెకి సుమారు 183 గ్రాముల సోడా పడుతుంది, కిలో నువ్వులనూనెకి 134, ఆముదానికి 128. మేము కిలో నూనెలో సగం కొబ్బరి, నాలుగు వందల గ్రాములు నువ్వులు, వంద గ్రాములు ఆముదం వేస్తాం. దానికి లెక్కగా 158 గ్రాముల సోడా కావాలి, మేము 150 మాత్రమే వేస్తాం. ఆ తగ్గించిన ఎనిమిది గ్రాముల వల్ల కొంచెం నూనె సబ్బు కాకుండా మిగిలిపోతుంది. చర్మం పొడిబారకుండా చూసేది అదే. సోడా మిగలకుండా కాపలా కాసేది కూడా అదే. తర్వాత ఆరు వారాలు చెక్క అరల మీద ఆరబెడతాం.

ఇంత సంగతి ఉండగా "కెమికల్ లేదు" అనడం ఎందుకు? ఉన్నది ఉన్నట్టు చెబితే అదే నమ్మకం కదా అని మా వదిన ఒకావిడ అంది. మా షెడ్డులో సోడా కలిపేది ఆవిడే. మరొకామె ఒప్పుకోలేదు. "కాస్టిక్ సోడా అంటే జనానికి మరుగుదొడ్లు కడిగేది గుర్తొస్తుంది, చూపిస్తే ఒక్కళ్ళూ కొనరు" అంది. ఆమె మాటలోనూ నిజం ఉంది. చివరికి సోడా చూపించాలని, కానీ కొలతలు మాత్రం వీడియోలో చెప్పకూడదని అనుకున్నాం. ఎందుకంటే చూసిన పిల్లలెవరైనా ఇంట్లో చేయబోతే ప్రమాదం. నీళ్ళలో సోడా వేయాలి గాని సోడాలో నీళ్ళు పోయకూడదు, చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వాడితే గిన్నెనే తినేస్తుంది, మండే గ్యాసు వస్తుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు లేకుండా దాని దగ్గరికి పోకూడదు. వీడియోలో మా వదిన అవన్నీ పెట్టుకునే కనబడుతుంది, "ఇది ఇంట్లో చేయకండి" అని కూడా అంటుంది.

తర్వాత ఆర్గానిక్ అనే మాట దగ్గర ఆగాం. మా నువ్వులు, పసుపు ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల దగ్గర కొంటాం. వాళ్ళు మాకు తెలిసినవాళ్ళు, పొలాలు చూశాం. కానీ వాళ్ళ దగ్గర సర్టిఫికెట్ కాగితం లేదు. కొబ్బరి మా తోటల్లోది, అందులో ఇద్దరి తోటలకి యూరియా వేస్తున్నారు. ఆముదం బజార్లో కొన్నది. సోడా చేలో పండదు, ఉప్పునీళ్ళలోంచి కరెంటు పెట్టి తీస్తారు. మరి నూటికి నూరు ఎక్కడిది? అసలు సబ్బు అనేది ఎవరు చేసినా నూరు శాతం ఆర్గానిక్ కాలేదు, ఆ సోడా భాగం ఉంటుంది కాబట్టి. పైగా 2024లో కేంద్రం వినియోగదారుల కోసం తెచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఆర్గానిక్, నేచురల్ లాంటి మాటలు వాడితే రుజువు చూపించగలగాలి. "మాకు తెలిసిన రైతులు" అనేది రుజువు కిందికి రాదు.

అందుకని మాట మార్చాం. "ఆర్గానిక్ సబ్బు" అనకుండా, ఏది ఎక్కడినుంచి వచ్చిందో ఒక్కొక్కటీ చెప్పాం. ఇలా చెప్పడానికి ఎక్కువ మాటలు పడతాయి, ఒప్పుకుంటాం. కానీ ఎవరైనా వచ్చి అడిగితే చూపించగలం. కాగితం ఉన్న సంఘాలు కాగితం చూపించి ఆ మాట వాడుకోవచ్చు. మాకు లేదు కాబట్టి వాడుకోలేదు. మా రైతులు గుంపుగా పీజీఎస్ సర్టిఫికెట్‌కి పెట్టుకుంటామంటున్నారు. అది వచ్చినా నువ్వులకీ పసుపుకీ వస్తుంది గాని సబ్బుకి కాదు.

అమ్మమ్మల నాటి రహస్యం అన్న మాట మీద మా సంఘంలో పెద్దావిడ, మేమంతా పెద్దమ్మ అంటాం, నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "మీ అమ్మమ్మలు సబ్బు చేశారా? తలకి కుంకుడుకాయ, ఒంటికి సున్నిపిండి, గుడ్డలకి చౌడు. నేను సబ్బు మొహం చూసింది పెళ్ళయ్యాకే" అంది. మేము సబ్బు నేర్చుకున్నది ఐదు రోజుల శిక్షణలో. అదే చెప్పాలని రాసుకున్నాం.

కానీ పెద్దమ్మ వల్లే వీడియోలో అందరికీ నచ్చిన ముక్క వచ్చింది. మా పసుపు సబ్బు పసుపుపచ్చగా ఉండదు, ఇటుక పొడిలా, కొన్నాళ్ళకి ఆవపిండి రంగులా ఉంటుంది. కొనేవాళ్ళు అందరూ "పసుపు వేశారా అసలు?" అని అడుగుతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుంది కదా, క్షారం తగలడం వల్లే ఆ ఎరుపు. సబ్బు పిండిలో సోడా ఉంటుంది కాబట్టి పసుపు వేయగానే అక్కడా ఎర్రబడుతుంది, ఆరేకొద్దీ మాగిపోతుంది. కాబట్టి పసుపు సబ్బు నిమ్మపండులా మెరుస్తుంటే అందులో రంగు కలిపారేమో అడగాలి. పెద్దమ్మ అరచేతిలో పసుపు, సున్నం కలిపి చూపిస్తుంది, అంతే, పది సెకన్లు. సోడా అంటే భయపడినవాళ్ళు కూడా పారాణి చూసి "ఓ ఇదా" అన్నారు.

మొటిమలు, తెలుపు అన్న మాటలు తీసేయడానికి మాకు ఎక్కువ సేపు పట్టలేదు, కారణం లైసెన్సు. చాలామంది అక్కలకి తెలియని సంగతి, ఒళ్ళు కడుక్కునే సబ్బు కూడా చట్టంలో సౌందర్య సాధనమే. అమ్మకానికి చేయాలంటే 2020 కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ దగ్గర లైసెన్సు ఉండాలి. తయారీ చూసే వాళ్ళలో ఒకరికైనా ఫార్మసీ డిప్లొమా గాని, కెమిస్ట్రీతో ఇంటర్ గాని ఉండాలి. మాలో పది దాటినవాళ్ళు లేరు. పెద్దమ్మ కోడలు ఇంటర్ బైపీసీ పాసయింది. ఆమె పేరు మీద నడిచింది ఆ పని. లైసెన్సు చేతికి వచ్చేదాకా కొత్త పేరుతో అమ్మకం మొదలుపెట్టలేదు. ఆ లైసెన్సు సౌందర్య సాధనానికి. మొటిమలు తగ్గిస్తాం, గజ్జి పోగొడతాం అన్నామంటే అది మందు అయిపోతుంది, దానికి వేరే లైసెన్సు, వేరే పరీక్షలు. తెలుపు సంగతి అయితే ఒంటి మీద నిమిషం ఉండి నీళ్ళతో పోయే సబ్బు ఎవరినీ తెల్లగా చేయదు. మాలో సగం మంది నల్లగానే ఉంటాం, ఏళ్ళ తరబడి మా సబ్బే వాడుతున్నాం, ఇంకా నల్లగానే ఉన్నాం.

జంతువుల మీద పరీక్షించలేదు అన్నది కూడా తీసేశాం. మన దేశంలో 2014 నుంచి సౌందర్య సాధనాలని జంతువుల మీద పరీక్షించడమే నిషేధం. అందరూ చేయనిదాన్ని మేమొక్కళ్ళమే చేయనట్టు చెప్పుకోవడం ఏం బావుంటుంది? బియ్యంలో రాళ్ళు కలపం అని బోర్డు పెట్టుకున్నట్టు ఉంటుంది.

ఇక అసలు గొడవ ఎక్కడ జరిగిందో చెప్తాం. కొత్త పేరు పెట్టక ముందు, సబ్బులు మామూలు కాగితంలో చుట్టి అమ్మే రోజుల్లో, మా చేతిలో ఒక బ్యాచ్ చెడిపోయింది. ఐదు కిలోల నూనె బ్యాచ్ అది. కొబ్బరి రెండున్నర, నువ్వులు రెండు, ఆముదం అర కిలో పోయాలి. పోస్తున్న చెల్లికి మధ్యలో ఫోన్ వచ్చింది. మాట్లాడి వచ్చి, నువ్వులనూనె రెండు డబ్బాలూ పోసేశాననుకుంది. పోసింది ఒకటే. సోడా మాత్రం ఐదు కిలోలకి సరిపడా 750 గ్రాములు పడింది. పోసిన నూనెకి పట్టేది 655 గ్రాములే. అంటే దాదాపు 95 గ్రాముల సోడా దేనితోనూ కలవకుండా సబ్బుల్లోనే ఉండిపోయింది.

చూస్తే తెలియాల్సిందే. కోసేటప్పుడు ముక్కలు అంచుల్లో పెళుసుగా విరిగాయి, మధ్యలో తెల్లటి పొడి మచ్చలు ఉన్నాయి. పైన పట్టే తెల్లటి బూజులాంటి పొర వేరు, అది గాలికి వస్తుంది, తుడిస్తే పోతుంది, ప్రమాదం లేదు. మేము దాన్నీ దీన్నీ ఒకటే అనుకున్నాం. నురుగు మీద పీహెచ్ కాగితం పెడితే మంచి సబ్బుకి 9, 10 మధ్య చూపిస్తుంది, దీనికి కాగితం చివరి రంగుకి వెళ్ళిపోయేది. తీర్థం దగ్గర పడిందని ఆ పరీక్ష చేయలేదు. 64 సబ్బులు అయ్యాయి, 38 అమ్మేశాం. మూడో రోజున బాలింత ఒకామె చేతులు ఎర్రగా పొక్కాయని వాళ్ళ అత్తగారు సబ్బు పట్టుకుని మా గుమ్మంలోకి వచ్చింది. అదృష్టం, బిడ్డకి రుద్దలేదు.

ఆ సాయంత్రం నుంచి ఇల్లిల్లూ తిరిగి 31 సబ్బులు వెనక్కి తెచ్చి అరవై రూపాయల చొప్పున డబ్బులిచ్చేశాం. ఏడు దొరకలేదు. అవి తీర్థంలో ఎవరో దారిన పోయేవాళ్ళు కొన్నారు. అప్పటినుంచే బ్యాచ్ పుస్తకం పెట్టాం. ఒకరు తూస్తారు, ఇంకొకరు కాటా చూసి సంతకం పెడతారు. నూనెలన్నీ పోశాక గిన్నెతో సహా మళ్ళీ తూస్తాం. తూచేటప్పుడు ఫోన్లు బయట పెట్టాలి. ప్రతి సబ్బు మీదా బ్యాచ్ నంబరు ఉంటుంది.

ఇది వీడియోలో చెప్పాలా వద్దా? మూడు మీటింగులు పట్టిందండి. "కొత్త బ్రాండ్ పెడుతూ ఎవరైనా మా సబ్బుకి చేతులు పొక్కాయని చెప్పుకుంటారా? ఊరు మర్చిపోయింది, మనమే గుర్తు చేస్తామా?" అని నలుగురు గట్టిగా అన్నారు. అప్పు వాయిదాలు అందరి నెత్తి మీదా ఉన్నాయి, వాళ్ళ భయం తప్పు కాదు. నూనె తప్పు పోసిన చెల్లి ఏమీ మాట్లాడకుండా కూర్చుంది. చెబితే ఆమె మీదకే వస్తుంది కదా. చివరికి ఆమే అంది: "నా పేరు చెప్పొద్దు, మేము అని చెప్పండి. పుస్తకం ఎందుకు పెట్టామో చెప్పకపోతే పుస్తకం చూపించి ఏం లాభం?" చేతులెత్తితే ఏడుగురు చెప్పాలని, నలుగురు వద్దని. చెప్పాలనే తీర్మానం అయింది. అందుకే ఆ వీడియోలో నేను అనే మాట ఎక్కడా లేదు, మొత్తం మేమే.

ఎవరు మాట్లాడాలి అన్నది కూడా తేలింది. మొదటిసారి లీడర్ మాట్లాడింది, ఆమెకి మాట బాగా వస్తుంది గాని సోడా కలపదు. ఈసారి సోడా కలిపే వదినే మాట్లాడింది. చేతులు పనిలో ఉంటే మాట దానంతట అదే వస్తుందని తెలిసింది. కాగితం చదివించినప్పుడు బిగుసుకుపోయింది, గిన్నె కలుపుతూ చెప్పమంటే మామూలుగా చెప్పింది. వీడియో మా కోడలి ఫోన్‌తోనే తీశాం. ఉదయం ఎనిమిదికి కిటికీ పక్కన నిలబెట్టి, ఫ్యాను ఆపేసి, ఇంకో ఫోన్ రికార్డింగ్‌లో పెట్టి ఆవిడ కొంగులో దోపితే మాట శుభ్రంగా వచ్చింది.

ఒక్కటి మాత్రం తీసి చూశాకే తెలిసింది. ఫోన్‌లో మొహాన్ని నున్నగా చేసే బ్యూటీ మోడ్ ఉంటుంది, కొన్ని ఫోన్లలో దానంతట అదే పడి ఉంటుంది. వదిన బుగ్గల మీద మంగు మచ్చలు మాయమైపోయాయి! సబ్బు అమ్మే మనిషి మొహాన్ని ఫోను కడిగిపెడితే అదీ అబద్ధమే కదా. ఆపేసి మళ్ళీ మొదటినుంచి తీశాం. మీలో వీడియో తీయబోయేవాళ్ళు ముందు అది చూసుకోండి.

మొత్తం వీడియో రెండు నిమిషాల లోపే. మాటలు ఉన్నవి ఉన్నట్టు చదువుతాం. మొదట వదిన గ్లౌజులతో గిన్నె కలుపుతూ ఉంటుంది, తలెత్తి మాట్లాడుతుంది.

"నమస్కారమండి. మేము పదకొండు మందిమి, పొదుపు సంఘం వాళ్ళం. ఐదు రోజులు శిక్షణకి వెళ్ళి సబ్బు చేయడం నేర్చుకున్నాం. ఇది మా షెడ్డు. ఇది కొబ్బరినూనె, మా తోటల కాయలది. కొన్ని తోటలకి యూరియా వేస్తారు. నువ్వులు, పసుపు ప్రకృతి వ్యవసాయం చేసే రైతుల దగ్గర కొంటాం, సర్టిఫికెట్ ఇంకా లేదు. ఆముదం బజారుది."

ఇక్కడ డబ్బా కనబడుతుంది.

"ఇది కాస్టిక్ సోడా. ఇది లేకుండా ఏ సబ్బూ లేదు. నూనెతో కలిసి సబ్బయిపోతుంది, లెక్క సరిగ్గా ఉంటే మిగలదు. ఇంట్లో చేయకండి, ఒళ్ళు కాలుతుంది."

పెద్దమ్మ అరచేయి, పారాణి. ఆవిడ మాట: "పసుపుకి సున్నం తగిలితే ఎరుపు. సోడా తగిలినా అంతే. మా పసుపు సబ్బు అందుకే ఈ రంగు."

మళ్ళీ వదిన, బ్యాచ్ పుస్తకం తెరిచి: "ఒకసారి మేము నూనె తక్కువ పోశాం. సోడా మిగిలింది. ఒకామె చేతులు పొక్కాయి. అమ్మినవి దొరికినంతవరకు వెనక్కి తెచ్చి డబ్బులిచ్చాం. అప్పటినుంచి ప్రతి బ్యాచ్‌కీ ఇద్దరు తూచి సంతకం పెడతారు, పీహెచ్ కాగితం ఈ పేజీలోనే అంటిస్తాం. మీ సబ్బు మీద నంబరు చెబితే ఈ పేజీ ఫోటో పంపిస్తాం."

చివర లైసెన్సు కాగితం పట్టుకుని కోడలు: "ఇది ఒళ్ళు శుభ్రం చేసే సబ్బు. మొటిమలు తగ్గించదు, తెలుపు చేయదు. కొత్తగా వాడేవాళ్ళు ముందు మోచేతి లోపల రాసి ఒక రోజు చూడండి. మండితే వాడకండి, మాకు ఫోన్ చేయండి."

ఇంతే. పాట కూడా పెట్టలేదు, గిన్నె కలిపే చప్పుడు ఉంది.

ఏమైంది అని అడుగుతారు. పట్నంలో ఒక కొట్టాయన మా సబ్బులు అరలో పెడతానన్నవాడు, వీడియో చూసి సోడా ముక్క, చేతులు పొక్కిన ముక్క కోసేయమన్నాడు. కోయలేదు, ఆ కొట్టు పోయింది. అది మాకు నెలకి రెండు వందల సబ్బుల ఆర్డరు. వద్దన్న నలుగురూ ఆ రోజు మా మొహాలు చూడలేదు, వాళ్ళకి జవాబు మా దగ్గర ఇప్పటికీ లేదు. సైన్సు మేడం డజను సబ్బులు తెప్పించుకున్నారు, పీహెచ్ 5.5 అని రాసిన సబ్బుల గురించి పిల్లలకి చెప్పడానికి మా సబ్బు క్లాసులో పెట్టారట. నూనె, సోడాతో చేసిన అసలు సబ్బు 5.5 ఉండదు, అలా ఉంటే అది సబ్బు కాదు, వేరే నురుగు సరుకు. నంబరు చెప్పి పేజీ అడిగినవాళ్ళు చాలా కొద్దిమంది. కానీ అడిగినవాళ్ళు దాదాపు అందరూ మళ్ళీ కొన్నారు.

పోయిన నెల పక్క మండలం నుంచి ఒకాయన ఫోన్ చేశారు. తీర్థంలో కొన్న సబ్బు బీరువాలో బట్టల మధ్య వాసన కోసం పెట్టారట, వీడియో చూసి తీస్తే పగుళ్ళు, తెల్ల మచ్చలు. నంబరు లేదు. అది ఆ ఏడింటిలో ఒకటే. మా అబ్బాయి బండి మీద వెళ్ళి మార్చి ఇచ్చి వచ్చాడు.

ఇంకా ఆరు ఉన్నాయి. మన తీర్థంలో అందరూ తిరుగుతారు కాబట్టి ఇక్కడున్న అక్కల ఇళ్ళలో కూడా ఉండొచ్చు. మామూలు తెల్ల కాగితంలో చుట్టి, నంబరు లేకుండా, కోసిన అంచు విరిగి ఉన్న సబ్బు ఎవరింట్లో కనబడినా ఒంటికి రుద్దకండి, బట్టలకీ వాడకండి. గేటు పక్కన మూడో స్టాలు మాది. సాయంత్రం ఐదు దాకా ఉంటాం, తర్వాతైతే మా గ్రామ సమాఖ్య ఆఫీసులో ఇవ్వండి.